‘ఐ కన్ఫర్మ్’ అని కొట్టే ముందు

హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిది. మాదాపూర్‌లోని ఒక స్టాఫింగ్ ఆఫీసులో నైట్ షిఫ్ట్ నడుస్తోంది. వేసవిలో అయితే డాలస్‌లో అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. అక్కడ ఫోన్ మోగుతుంది. “నమస్తే అండీ, ఒక జావా రోల్‌కి మీ ప్రొఫైల్ బాగా సరిపోతుంది. మెయిల్ పంపాను. ‘ఐ కన్ఫర్మ్’ అని రిప్లై ఇచ్చారంటే ఇప్పుడే సబ్మిట్ చేసేస్తాను.”

అమెరికాలో కాంట్రాక్టు ఉద్యోగాలు చేసే మనవాళ్లకు ఈ ఫోన్ కొత్త కాదు. ఆ మెయిల్‌ని ఆర్టీఆర్ అంటారు. పూర్తిపేరు రైట్ టు రెప్రజెంట్. ఫలానా కంపెనీలో ఫలానా ఉద్యోగానికి నా రెజ్యూమే మీరే పంపండి అని అభ్యర్థి రాసిచ్చే అనుమతి అది.

దీని అవసరం ఎందుకొచ్చిందో తెలిస్తే దాని బరువు అర్థమవుతుంది. పెద్ద కంపెనీలు కాంట్రాక్టు మనుషుల్ని చాలావరకు తామే వెతుక్కోవు. కొద్దిమంది ప్రైమ్ వెండర్లకు చెబుతాయి. వాళ్లు కింది వెండర్లకు చెబుతారు. అలా ఒకే ఖాళీ ఎంతోమంది రిక్రూటర్ల చేతికి వెళుతుంది. ఒకే మనిషి రెజ్యూమే రెండు దారుల్లో వచ్చిందంటే కమిషన్ ఎవరికి దక్కాలన్న తగాదా మొదలవుతుంది. దీన్నే డబుల్ సబ్మిషన్ అంటారు. కొన్ని కంపెనీలు ముందు వచ్చినదాన్ని ఉంచుకుంటాయి. కొన్ని ఈ గొడవ మనకెందుకని ఆ అభ్యర్థినే పక్కన పెట్టేస్తాయి. తగాదా వచ్చినప్పుడు వెండర్ చూపించే సాక్ష్యం మీరిచ్చిన ఆ రిప్లైయే.

ఒక ఉదాహరణ చూద్దాం. డాలస్‌లో ఉన్న అమ్మాయికి సోమవారం ఒక మెయిల్ వచ్చింది. జావా డెవలపర్, పన్నెండు నెలలు, గంటకు 58 డాలర్లు. క్లయింట్ పేరుండాల్సిన చోట ‘మా క్లయింట్’ అని మాత్రమే ఉంది. ఆమె కన్ఫర్మ్ చేసింది. బుధవారం ఇంకొకరు ఫోన్ చేసి ఒక బ్యాంకు పేరు చెప్పారు. అదే ఊరు, అవే పన్నెండు నెలలు, రేటు మాత్రం 65. మధ్యలో ఒక వెండర్ తక్కువ కాబట్టి ఆ ఏడు డాలర్లు మిగిలాయి. ఇది వేరే ఉద్యోగమనుకుని ఆమె దానికీ సరేనంది. రెండూ ఒకే ఉద్యోగం. శుక్రవారానికి బ్యాంకు ఆమె పేరు కొట్టేసింది.

ఆమె చేసిన పొరపాటు బుధవారం నాటిది కాదు, సోమవారం నాటిది. పేరు తెలియని కంపెనీకి అనుమతి ఇచ్చినప్పుడు, తర్వాత వచ్చిన పిలుపుతో పోల్చి చూసుకోవడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు.

సరైన ఆర్టీఆర్‌లో క్లయింట్ పేరు, ఉద్యోగం పేరు, ఊరు, గంట రేటు, ఆ రేటు ఏ పద్ధతిలో చెల్లిస్తారు, అనుమతి ఎన్ని రోజులు చెల్లుతుంది అన్నవి ఉంటాయి. జాబ్ ఐడీ కూడా ఉంటే ఇంకా మంచిది. కొందరు రిక్రూటర్లు తమను దాటేసి నేరుగా వెళతారన్న భయంతో పేరు దాస్తారు. ఆ భయం అర్థం చేసుకోదగిందే. అయినా “పేరు మెయిల్‌లో రాయండి, అప్పుడే కన్ఫర్మ్ చేస్తానండీ” అనడం తప్పు కాదు. పేరు చెప్పనే చెప్పకపోతే జాబ్ డిస్క్రిప్షన్ అడిగి తీసుకుని పాత మెయిళ్లతో పోల్చండి. వెండర్లు వాటిని సాధారణంగా మార్చకుండానే ముందుకు పంపుతారు కాబట్టి వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా కలుస్తాయి. ఊరు, గడువు, స్కిల్స్ వరసకూడా ఒకటే అయితే అనుమానించాల్సిందే.

‘ఎక్స్‌క్లూజివ్’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఈ ఒక్క ఉద్యోగానికి అని ఉంటే మామూలే. ఆ క్లయింట్‌లోని అన్ని ఉద్యోగాలకూ అని ఉంటే, అక్కడికి వెళ్లే మిగతా దారులన్నీ ఆ గడువు తీరేదాకా మూసుకున్నట్టే. మెయిల్‌లో పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలు అడగడం ఈ రంగంలో ఉన్నదే. పూర్తి నంబరు, పాస్‌పోర్టు కాపీ అడిగితే మాత్రం సబ్మిషన్ దశలో వాటితో పనిలేదని చెప్పేయండి.

బెంచ్ మీద ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. వాళ్ల సొంత కన్సల్టెన్సీలో బెంచ్ సేల్స్ చూసేవాళ్లు కూడా రెజ్యూమే పంపుతుంటారు. తనను అడగకుండా ఎక్కడికీ పంపవద్దని వాళ్లకు ముందే మెయిల్ పెట్టాలి.

పొరపాటు జరిగిపోతే దాచకండి. ఇద్దరికీ అదే రోజు రాయండి: ముందు ఎవరికి, ఏ తేదీన, ఏ రేటుకు ఇచ్చానో ఇదీ, రెండోది వెనక్కి తీసుకోండి అని. రెండో రిక్రూటర్ ఇంకా పంపకపోయి ఉంటే అక్కడితో ఆగిపోతుంది.

ఆ అమ్మాయి దగ్గర ఇప్పుడు ఒక నోట్‌బుక్ ఉంది. పేజీకి నాలుగు గడులు: తేదీ, క్లయింట్, వెండర్, రేటు. రెండో గడి నిండకుండా ఆమె ఎవరికీ కన్ఫర్మ్ చెప్పదు.