మైనస్ గుర్తు చెప్పేది ఏ పక్కనో మాత్రమే

కటకాలు, దర్పణాల లెక్కల్లో ప్లస్, మైనస్ గుర్తులు ఒక దూరం ఏ పక్కన ఉందో చెబుతాయి. అంతకు మించి ఏమీ చెప్పవు. మన పాఠ్యపుస్తకాల్లో కనిపించే కార్టీజియన్ సంప్రదాయంలో కాంతి ఎడమ నుంచి కుడికి వస్తున్నట్టు బొమ్మ గీస్తారు. దర్పణమైతే ధ్రువం నుంచి, కటకమైతే దృక్ కేంద్రం నుంచి దూరాలు కొలుస్తారు. కాంతి వచ్చే దిశలో కొలిచినది ప్లస్, ఎదురు దిశలో కొలిచినది మైనస్. ప్రధానాక్షానికి పైనున్న ఎత్తు ప్లస్, కింద ఉన్నది మైనస్. వస్తువును ఎడమ పక్కనే పెడతారు కాబట్టి వస్తుదూరం u మైనస్‌లో ఉంటుంది.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది దీని తర్వాతే. దర్పణం కాంతిని వెనక్కి, అంటే ఎడమకు పంపుతుంది. అందుకే దర్పణంలో నిజ ప్రతిబింబం ఎడమన ఏర్పడి, ప్రతిబింబ దూరం v మైనస్ అవుతుంది. కటకం గుండా కాంతి కుడికి సాగిపోతుంది కనుక అక్కడ నిజ ప్రతిబింబానికి v ప్లస్, మిథ్యా ప్రతిబింబానికి మైనస్. నాభ్యంతరం f కూడా అంతే. కిరణాలను విడదీసే కుంభాకార దర్పణానికి నాభి వెనక, కుడి పక్కన ఉంటుంది కాబట్టి f ప్లస్. అదే పని చేసే పుటాకార కటకానికి మాత్రం f మైనస్. 'విడదీసేది మైనస్' అని బట్టీ పడితే దర్పణం దగ్గర దెబ్బ తింటారు. కిరణాలు ఏ పక్కనుంచి వస్తున్నట్టు కనిపిస్తాయో చూసుకుంటే తప్పు జరగదు.

20 సెం.మీ. నాభ్యంతరం గల పుటాకార కటకాన్ని తీసుకుందాం. దానికి 30 సెం.మీ. దూరంలో 10 సెం.మీ. ఎత్తున్న వస్తువు ఉంది. గ్రాఫు కాగితం మీద 5 సెం.మీ.కు 1 సెం.మీ. చొప్పున గీస్తే కటకం ఒక నిలువు గీత అవుతుంది. వస్తువు దానికి ఎడమన 6 సెం.మీ. దూరంలో 2 సెం.మీ. బాణంగా నిలుస్తుంది. నాభులు రెండు పక్కలా 4 సెం.మీ. దూరంలో ఉంటాయి.

బాణం మొన నుంచి మొదటి కిరణాన్ని అక్షానికి సమాంతరంగా కటకం దాకా గీయాలి. అక్కడినుంచి అది పైకి విడిపోతుంది. ఎంత విడిపోవాలో తెలియాలంటే ఎడమ నాభిని, కిరణం కటకాన్ని తాకిన చోటును స్కేలుతో కలపాలి. ఆ గీతలో కటకానికి కుడివైపు భాగమే అసలు కిరణం. ఎడమవైపు భాగం వెనక్కి పొడిగించినది కాబట్టి చుక్కల గీతగా ఉండాలి, దాని మీద బాణం గుర్తు పెట్టకూడదు. రెండో కిరణం దృక్ కేంద్రం గుండా వంగకుండా పోతుంది. చుక్కల గీత, రెండో కిరణం కలిసే చోటే ప్రతిబింబపు మొన. కొలిస్తే అది కటకానికి 2.4 సెం.మీ. దూరంలో, 0.8 సెం.మీ. ఎత్తులో ఉంటుంది.

సరిచూసుకోవడానికి మూడో కిరణం ఉంది. మొన నుంచి కుడి నాభి వైపు గురిపెట్టిన కిరణం కటకం దాటాక అక్షానికి సమాంతరంగా వెళ్తుంది. అది కటకాన్ని 0.8 సెం.మీ. ఎత్తులోనే తాకుతుంది. దాన్ని వెనక్కి పొడిగిస్తే ప్రతిబింబపు మొన గుండానే పోవాలి. పోకపోతే గీతల్లో ఎక్కడో తేడా వచ్చినట్టే.

ఇప్పుడు లెక్క చూద్దాం. కటక సూత్రం 1/v − 1/u = 1/f. ఇక్కడ u = −30, f = −20.

1/v = −1/20 − 1/30 = −1/12

అంటే v = −12 సెం.మీ. ఆవర్ధనం v/u = 0.4 కాబట్టి ప్రతిబింబం ఎత్తు 4 సెం.మీ. బొమ్మలో వచ్చిన కొలతలు ఇవే. v మైనస్ కనుక ప్రతిబింబం మిథ్య, తెర మీద పట్టదు. ఆవర్ధనం ప్లస్ కనుక నిటారుగా ఉంది.

f ముందు మైనస్ మరిచిపోతే v = +60 వస్తుంది. అంటే కుడి పక్కన, తలకిందులుగా, రెట్టింపు సైజులో నిజ ప్రతిబింబం. దర్పణ సూత్రం 1/v + 1/u = 1/f వాడితే v = −60 వస్తుంది. రెండూ అసాధ్యం. ఎదురుగా ఉన్న అసలు వస్తువుకు పుటాకార కటకం ఇచ్చే ప్రతిబింబం ఎప్పుడూ నాభికీ కటకానికీ మధ్యే, వస్తువు కంటే చిన్నగా, నిటారుగా ఉంటుంది. వస్తువు ఎంత దూరం జరిగినా ప్రతిబింబం నాభిని దాటదు.

హ్రస్వదృష్టికి కళ్లజోడు పనిచేసేది ఈ హద్దు వల్లే. 20 సెం.మీ. అంటే 0.2 మీటరు, కాబట్టి ఈ కటకం సామర్థ్యం −5 డయాప్టర్లు. అది ఎంతో దూరాన ఉన్న కొండను కూడా తన ముందు 20 సెం.మీ. దగ్గర ప్రతిబింబంగా నిలబెడుతుంది. అంతకు మించి దూరం స్పష్టంగా చూడలేని కన్నుకు అది అందుతుంది. అయితే దూరం కొలిచేది కటకం నుంచి, కంటి నుంచి కాదు. కళ్లజోడు కంటికి 1.2 సెం.మీ. ముందుంటే ఆ ప్రతిబింబం కంటికి 21.2 సెం.మీ. దూరంలో ఉన్నట్టు. అందుకే అదే కంటికి కాంటాక్ట్ లెన్స్ పెడితే −5 అక్కర్లేదు, సుమారు −4.7 సరిపోతుంది.