ముందు పని ముగిసిందా?

ఒక బట్టల దుకాణాల సంస్థ ఉందనుకుందాం. రాత్రి ఒంటి గంటకు ఒక ప్రోగ్రామ్ అన్ని శాఖల బిల్లులనూ సర్వర్‌లోకి తెస్తుంది. రెండింటికి మరొకటి వాటిని కూడి యజమానికి నివేదిక పంపుతుంది. మొదటి పని మామూలుగా 35 నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి గంట తేడా చాలనుకున్నారు. ఏడాదంతా చాలింది కూడా. సంక్రాంతి ముందు బిల్లులు రెట్టింపై, ఆ పని 80 నిమిషాలు సాగింది. రెండో ప్రోగ్రామ్ మాత్రం సరిగ్గా రెండింటికే లేచి, అప్పటిదాకా చేరిన బిల్లులనే కూడి, నివేదిక పంపేసింది.

ఎక్కడా ఎర్రర్ రాలేదు. అసలు ప్రమాదం అదే. రెండు ప్రోగ్రాములూ సరిగ్గానే నడిచాయి, తప్పంతా వాటి మధ్య పెట్టిన ఆ గంటలో ఉంది. రెండు లాగ్‌లనూ పక్కపక్కన పెడితే తప్ప అది కనబడదు: మొదటిది ముగిసింది 2:20కి, రెండోది మొదలైంది 2:00కి.

తేడాను రెండు గంటలకు పెంచితే మామూలు రోజుల్లో 85 నిమిషాలు సర్వర్ ఊరికే కూర్చుంటుంది. ఇలాంటి పనులు ఐదారు వరుసగా ఉంటే నివేదిక వచ్చేసరికి తెల్లారిపోతుంది.

1979లో వెలువడిన యూనిక్స్ ఏడో వెర్షన్ నాటికే ఉన్న క్రాన్ ఇప్పటికీ ఇలాంటి పనులను నిద్రలేపుతోంది. దానికి తెలిసింది గడియారం ఒక్కటే. రెండు పనులూ ఒకే యంత్రం మీద ఉంటే, రెండోదాన్ని మొదటిదాని తోకకు కట్టేయడం మేలు:

```
0 1 * * * /opt/billulu.sh && /opt/nivedika.sh
```

ఆ `&&` అర్థం: మొదటిది విజయవంతంగా ముగిస్తేనే రెండోది మొదలవ్వాలి. విజయానికి గుర్తు, ముగిసేటప్పుడు ప్రోగ్రామ్ తిరిగిచ్చే సున్నా. ఆ సున్నా నిజాయితీగా ఉండాలి. మామూలు షెల్ స్క్రిప్టులో మధ్యలో ఒక ఆదేశం విఫలమైనా, చివరిది సజావుగా సాగితే సున్నాయే వస్తుంది. అందుకే స్క్రిప్టు మొదట్లో `set -e` రాస్తారు. చాలా వైఫల్యాలు అక్కడే ఆగుతాయి.

పనులు వేర్వేరు యంత్రాల మీద ఉంటే ఒక గుర్తు ఫైలు పెట్టుకోవచ్చు. హడూప్‌లో మ్యాప్‌రెడ్యూస్ పని పూర్తయ్యాక ఫలితాల ఫోల్డర్‌లో `_SUCCESS` అనే ఖాళీ ఫైలు కనిపిస్తుంది. తర్వాతి పని దానికోసం కాచుకుని ఉంటుంది. గుర్తును డేటా అంతా రాశాకే పెట్టాలి, దాని పేరులోనో ఫోల్డర్ పేరులోనో తేదీ ఉండాలి. తేదీ లేకపోతే నిన్న మిగిలిపోయిన గుర్తు చూసి నేటి పని ముందే పరుగెత్తుతుంది.

ఇంత చేసినా ఒక లోటు మిగులుతుంది. మొదటి పని మధ్యలోనే బిగుసుకుపోతే ముగింపు కబురు ఎప్పటికీ రాదు, రెండోది అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. కాబట్టి గడియారాన్ని పూర్తిగా పక్కన పెట్టకూడదు. తెల్లవారుజామున నాలుగింటికల్లా నివేదిక రాకపోతే, బాధ్యుడి ఫోను మోగేలా ఒక అలారం పెట్టాలి.