రెండుసార్లు పడ్డ సబ్బులు, తగ్గిన డిస్కౌంటు: బిల్లుపై అభ్యంతరం రాసే పద్ధతి

డిస్ట్రిబ్యూటరు పంపిన బిల్లులో ఒకే సరుకు రెండుసార్లు పడి, ఇస్తామన్న డిస్కౌంటు కూడా తగ్గితే, కొట్టు యజమాని రాసే ఉత్తరానికి లెక్కే ప్రాణం. రెండు తప్పులూ ఒకే బిల్లులో ఉన్నప్పుడు ఒకదాని ప్రభావం రెండోదాని మీద పడుతుంది. విడివిడిగా లెక్కేసి కూడితే రావలసినదానికంటే ఎక్కువ అడిగినట్టవుతుంది. అవతలి అకౌంటెంటు ఆ ఒక్క అంకె పట్టుకుని ఉత్తరం మొత్తాన్నీ పక్కన పెట్టేయగలడు.

తెనాలిలాంటి ఊళ్లో ఒక కిరాణా కొట్టుకు 2025 నవంబరు 3న సబ్బులు, టూత్‌పేస్టు, కొబ్బరినూనె వచ్చాయనుకుందాం. ఆ ఏడాది సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బులకు, టూత్‌పేస్టుకు, తలనూనెకు జీఎస్టీ 5 శాతమే కాబట్టి బిల్లంతా ఒకే పన్ను రేటులో ఉంది. సరుకు విలువ 24,000 రూపాయలు. అందులో 5 శాతం డిస్కౌంటు కింద 1,200 తీసేస్తే 22,800. దానిమీద పన్ను 1,140. చెల్లించాల్సింది 23,940 అని బిల్లు చెబుతోంది.

బిల్లు మూడో వరుసలో ఒక రకం సబ్బు 2 పెట్టెలు అని ఉంది, ధర 4,000. తొమ్మిదో వరుసలో అదే సబ్బు 160 పీసులు అని ఉంది, ధర మళ్లీ 4,000. పెట్టెకు 80 సబ్బులు కాబట్టి ఈ రెండు వరుసలూ ఒకే సరుకు. ఇలాంటివి కంటికి తొందరగా ఆనవు. సేల్స్‌మన్ ఫోన్‌లో పెట్టెల లెక్కన ఎక్కించిన ఆర్డరును ఆఫీసులో మరొకరు పీసుల లెక్కన మళ్లీ కొడితే, కంప్యూటరు వాటిని రెండు ఆర్డర్లుగానే చూస్తుంది. అందుకే పేరుతో పాటు పరిమాణాన్ని కూడా పీసుల్లోకి మార్చి పోల్చాలి. రెండో వరుస ధర సున్నా అయితే అది స్కీములో వచ్చే ఉచిత సరుకు కావచ్చు, దానిమీద అభ్యంతరం ఉండదు. ఇక్కడ రెండింటికీ ధర వేశారు, కొట్టులో దిగింది మాత్రం రెండు పెట్టెలే.

దిగింది రెండే అని చూపడం ఉత్తరంలో కష్టమైన భాగం. ఆటో దగ్గర హడావిడిగా బిల్లు మీద సంతకం పెడితే, సరుకంతా ముట్టినట్టు ఒప్పుకున్నట్టే అవతలివాళ్లు తీసుకుంటారు. సంతకం పక్కనే ‘సబ్బు 2 పెట్టెలు మాత్రమే అందాయి’ అని రాసి, తెచ్చిన మనిషి చేత కూడా సంతకం పెట్టిస్తే అంతకు మించిన ఆధారం ఉండదు. అది జరగకపోతే, అదే రోజు పెట్టెల మీది బ్యాచ్ నంబర్లు కనిపించేలా తీసిన ఫొటో పనికొస్తుంది. డిస్ట్రిబ్యూటరు గోదాములో ఆ సబ్బు స్టాకు లెక్క కన్నా రెండు పెట్టెలు ఎక్కువగా తేలాలి. ఆ స్టాకు చూసుకోమని ఉత్తరంలో అడగడం మంచిది, ఎందుకంటే నిజం వాళ్ల రికార్డులోనే దొరుకుతుంది.

ఇక డిస్కౌంటు. నవంబరు 1 నుంచి 15,000 రూపాయలు దాటిన ప్రతి బిల్లుకూ 8 శాతం అని సేల్స్‌మన్ వాట్సాప్‌లో స్కీము పంపాడు. బిల్లింగులో పాత 5 శాతమే ఉండిపోయింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. రెండోసారి పడ్డ 4,000 తీసేస్తే బిల్లు 20,000కు దిగుతుంది. 15,000 దాటింది కాబట్టి 8 శాతం హక్కు నిలుస్తుంది. స్కీము పరిమితి 22,000 అయ్యుంటే, మొదటి తప్పు దిద్దగానే రెండో అభ్యంతరానికి ఆధారం పోయేది. ఉత్తరం రాయకముందే ఈ సంగతి చూసుకోవాలి.

లెక్క వేసే వరుస ఇది: ముందు సరుకు దిద్దాలి, తర్వాత డిస్కౌంటు, ఆఖరున పన్ను. 20,000లో 8 శాతం, అంటే 1,600 తీస్తే 18,400. దానిమీద పన్ను 920. సరైన బిల్లు 19,320. తేడా 4,620 రూపాయలు. చాలామంది 4,000కు, 24,000 మీద 3 శాతమైన 720ని కలిపి, పన్నుతో 4,956 అడుగుతారు. అది 336 ఎక్కువ. రెండోసారి పడ్డ సబ్బుల మీద 5 శాతం ముందే తగ్గించారన్నది, లేని సరుకుకు డిస్కౌంటు అడగకూడదన్నది ఆ లెక్కలో మరిచిపోయారు.

ఉత్తరం ఇలా ఉంటే చాలు:

“మేనేజరు గారికి నమస్కారం. మీ బిల్లు నం. 1187, తేదీ 3-11-2025 గురించి. మూడో వరుసలోని 2 పెట్టెల సబ్బులే తొమ్మిదో వరుసలో 160 పీసులుగా మళ్లీ పడ్డాయి. మాకు అందినవి 2 పెట్టెలే. ఫొటో జతచేశాము, మీ గోదాము స్టాకు కూడా ఒకసారి చూడగలరు. నవంబరు 1 నుంచి ఉన్న 8 శాతం స్కీముకు బదులు 5 శాతమే తగ్గించారు. మీ సేల్స్‌మన్ పంపిన మెసేజీ జతచేశాము. రెండూ సరిచేస్తే బిల్లు 19,320 అవుతుంది. ఆ మొత్తం గడువులోగా చెల్లిస్తాము. మిగిలిన 4,620కి (సరుకు విలువ 4,400, పన్ను 220) ఇదే బిల్లు నంబరు వేసి క్రెడిట్ నోట్ ఇప్పించగలరు.”

ఇందులో మోసం అన్న మాట లేదు, ఉండకూడదు కూడా. టైపింగు పొరపాటును మోసం అంటే అవతలివాళ్లు లెక్క వదిలేసి మాటకు జవాబు చెబుతారు. వివాదం లేని 19,320ని గడువులో కట్టడం అంతకన్నా ముఖ్యం. బిల్లు మొత్తం ఆపేస్తే బాకీదారు అన్న పేరొచ్చి, తర్వాతి సరుకు ఆగుతుంది.

‘వచ్చే బిల్లులో చూసుకుందాంలే అన్నా’ అని సేల్స్‌మన్ నోటిమాటగా అంటే సరిపెట్టుకోకూడదు. బిల్లులో విలువ, పన్ను ఎక్కువ పడినప్పుడు జీఎస్టీ చట్టం 34వ సెక్షన్ ప్రకారం సరఫరాదారు క్రెడిట్ నోట్ ఇచ్చి తన పన్ను దిద్దుకోవచ్చు. కొట్టు రెగ్యులర్ పద్ధతిలో ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ కింద తీసుకోవాల్సింది 1,140 కాదు, 920 మాత్రమే, ఎందుకంటే అందని సరుకు మీద క్రెడిట్ చెల్లదు. పోర్టల్‌లో బిల్లునే తిరస్కరిస్తే నిజంగా అందిన సరుకు మీది క్రెడిట్ కూడా చిక్కులో పడుతుంది. కాంపొజిషన్ పద్ధతిలో ఉన్న కొట్టుకు ఇన్‌పుట్ క్రెడిట్టే లేదు కాబట్టి ఆ 220 కూడా చేతిసొమ్మే. క్రెడిట్ నోట్ రాకపోతే ఆ డబ్బు పోయినట్టే.

జవాబు రాకపోతే వారం, పది రోజులకు అదే ఉత్తరాన్ని తేదీతో మళ్లీ పంపి, కాపీ కంపెనీ ఏరియా మేనేజరుకు పెట్టడం వాడుకలో ఉన్న దారి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే వీలు లేదు, తిరిగి అమ్మడానికి కొన్నవారిని ఆ చట్టం వినియోగదారుగా గుర్తించదు. పన్ను దిద్దుబాటుకు గడువు కూడా ఉంది: 2025-26 బిల్లుకు సంబంధించిన క్రెడిట్ నోట్‌ను సరఫరాదారు 2026 నవంబరు 30లోగా, లేదా తన వార్షిక రిటర్ను అంతకుముందే వేస్తే ఆ తేదీలోగా, తన రిటర్నులో చూపాలి.