కారం మిల్లుకు రాసే ఆడిట్ ఉత్తరం

2005 ఫిబ్రవరిలో బ్రిటన్ దుకాణాల నుంచి వందల రకాల ఆహార పదార్థాలను వెనక్కి రప్పించారు. సాస్‌లు, సూప్‌లు, వండి అమ్మే భోజనాలు అన్నీ అందులో ఉన్నాయి. వాటన్నిటికీ మూలం ఒక వోర్సెస్టర్ సాస్. ఆ సాస్‌లో పడిన కారంలో సూడాన్-1 అనే పారిశ్రామిక రంగు కలిసింది. ఒక్క లాట్ కారం ఎన్ని చేతులు మారుతుందో ఆ ఉదంతంతో తెలిసొచ్చింది. అందుకే మసాలాలు, పచ్చళ్లు తయారుచేసే కంపెనీలు తమకు కారం పోసే మిల్లును ప్రయోగశాల రిపోర్టు చూసి వదిలేయవు. మనిషిని పంపి చూస్తాయి. ఆ రాకకు ముందు వెళ్లే ఉత్తరం గురించే ఇక్కడ మాట్లాడుకునేది.

ఉదాహరణకు గుంటూరు పక్కన ఒక కారం మిల్లు, హైదరాబాదులో ఒక పచ్చళ్ల కంపెనీ ఉన్నాయనుకుందాం. కంపెనీ నాణ్యత విభాగం మిల్లు యజమానికి రాయాలి. ఈ ఉత్తరంలో ఒక చిక్కుంది. ఏం చూస్తామో చెప్పకపోతే అవతలివాళ్లు సరైన మనుషుల్ని, కాగితాల్ని సిద్ధం చేసుకోలేరు, రోజంతా వెతుకులాటతో గడిచిపోతుంది. అంతా చెప్పేస్తే మనం వెళ్లేసరికి అంతా ముస్తాబై ఉంటుంది. దీనికి మంచి ఆడిటర్లు ఒక గీత గీసుకుంటారు. శాంపిల్ ఎలా ఎంచుతామో ముందే రాస్తారు. ఏ లాట్ ఎంచుకున్నారో మాత్రం అక్కడికి వెళ్లాకే తేలుతుంది.

తేదీ నుంచే మొదలుపెడదాం. "మీకు వీలైన రోజు చెప్పండి" అని రాస్తే మిల్లు ఆగి ఉన్న రోజు దొరుకుతుంది. కడిగిన నేల, ఖాళీ జల్లెడలు కనిపిస్తాయి, కారం ఆడటం కనిపించదు. కాబట్టి మూడు తేదీలిచ్చి, ఏ రోజున తొడిమ తీసే పని, మరపట్టే పని రెండూ జరుగుతాయో ఆ రోజు ఖాయం చేయమని అడగాలి. కొత్త పంట ఫిబ్రవరి నుంచి వేసవి దాకా యార్డుకు వస్తుంది. ఆ తర్వాత నెలల్లో మిల్లు ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ సరుకు మీదే నడుస్తుంది. ఆ గోదాము వేరేవాళ్లదైతే లోపలికి వెళ్లడానికి వాళ్ల అనుమతి కావాలి. అది ఉత్తరంలో అడగకపోతే గేటు దగ్గర నిలబడాల్సి వస్తుంది. ఇది తరచూ జరిగేదే.

అజెండా ఒక పూటకు సరిపోదు, ఒక రోజు కావాలి. ఉదయం ఇరవై నిమిషాల పరిచయం చాలు. ఆ వెంటనే ఫైళ్ల ముందు కూర్చోకుండా, మిర్చి దిగే చోటు నుంచి పొడి బస్తా కుట్టే చోటు దాకా సరుకు నడిచే దారిలోనే నడవాలి. మధ్యాహ్నం దాకా ఆఫీసులోనే ఉంచే అజెండా మిల్లు వాళ్లకు హాయిగా ఉంటుంది. ఆడిటర్‌కు కాదు. నడక అయ్యాక లాట్లు ఎంచడం, భోజనం తర్వాత ఆ లాట్ల కాగితాలు, చివరి గంటన్నరలో శాంపిల్ తీయడం, చూసింది ఎదురుగా కూర్చుని చెప్పడం. అంతే.

కాగితాల జాబితాను రెండుగా విడదీస్తే మేలు. ముందుగా పంపమనేవి కొన్నే: ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు, మిల్లు నమూనా పటం, పని జరిగే వరస, ఏడాదిలో వచ్చిన పరీక్షల రిపోర్టులు. అక్కడ సిద్ధంగా ఉంచమనేవి అసలు రిజిస్టర్లు: కొనుగోలు పట్టీలు, కోల్డ్ స్టోరేజీ బాండ్లు, మరపట్టిన రోజువారీ పుస్తకం, తేమ నమోదులు, కాటాలకు తూనికల శాఖ ముద్ర వేసిన కాగితాలు, వెనక్కి వచ్చిన సరుకు, ఫిర్యాదుల పుస్తకం. టైపు చేసిన శుభ్రప్రతి వద్దని స్పష్టంగా రాయాలి. కారపు చేతుల మరకలున్న పుస్తకమే నమ్మదగ్గది. మూడు నెలల తేమ నమోదులు ఒకే పెన్ను, ఒకే చేతివాత, రోజూ సరిగ్గా పది శాతం అని ఉంటే, ఆ పుస్తకం ఒక్క సాయంత్రంలో నిండిందని అర్థం చేసుకోవచ్చు. నలభై రకాల కాగితాలు అడిగితే మరీ ప్రమాదం. లేనివాటిని పుట్టించమని చెప్పినట్టే.

ఇక లాట్ల ఎంపిక. మిల్లు ఏడాదిలో 144 లాట్ల కారం ఆడిందనుకోండి. చాలామంది వర్గమూలం పద్ధతి వాడతారు: 144కు 12, అంటే పన్నెండు లాట్లు. అది వాడుకకు సులువే, కానీ దాని వెనక గట్టి గణాంక సూత్రమేమీ లేదు. తర్వాత ప్రతి పన్నెండో లాట్ తీసుకుందాం అనిపిస్తుంది. ఇక్కడే ఉచ్చు. నెలకు పన్నెండు లాట్లు ఆడే మిల్లులో ప్రతి పన్నెండో లాట్ అంటే, ప్రతి నెలా అదే వరస లాట్. నెలాఖరు హడావుడిలో పని జారిపోతుంటే మనకు ఒక్కటీ తగలకపోవచ్చు. అందుకని నెలకొకటి చొప్పున, ఆ నెల లాట్ల నంబర్లతో చీటీలు వేసి తీయాలి. మిల్లు మేనేజరే చీటీ తీస్తే మరీ మంచిది, ఎవరికీ అనుమానం ఉండదు. వీటికి తోడు ఫిర్యాదు వచ్చిన లాటో, వానల్లో తడిసిన సరుకుతో ఆడిన లాటో మూడు నాలుగు కావాలని ఎంచుకోవచ్చు. వాటి లెక్క విడిగా పెట్టాలి. చెడుంటుందని వెతికి తీసిన లాట్లను చీటీ లాట్లతో కలిపి "ఇంత శాతం లోపం" అంటే మిల్లుకు అన్యాయం.

ఈ పద్ధతికీ హద్దుంది. 144లో పధ్నాలుగు లాట్లలో లోపం ఉన్నా, పన్నెండు చీటీల్లో ఒక్కటీ పడకపోవడానికి నాలుగో వంతుకు పైగా అవకాశం ఉంది. రిపోర్టులో "లోపాలు లేవు" అని కాక "చూసిన పన్నెండింటిలో కనబడలేదు" అని రాయాలి.

ఎంచిన లాట్‌తో చేసే పని సూటిగా ఉంటుంది. ఒక లాట్‌కు పది వేల కిలోల మిర్చి వెళ్లిందని పుస్తకంలో ఉంది. తొడిమలు 600, తాలు, ధూళి 150, ఎండలో తగ్గిన తేమ 200 కిలోలు తీసేస్తే తొమ్మిది వేల చిల్లర పొడి రావాలి. అంకెలు ఉదాహరణకే, నిష్పత్తి మిల్లు మిల్లుకూ మారుతుంది. కానీ పుస్తకం 9,600 కిలోల పొడి చూపిస్తే ప్రశ్న పుడుతుంది. తొడిమలు తీయకుండా కలిపి ఆడారా? లెక్కలో లేని మిర్చి వచ్చిందా? మరేదైనా కలిపారా? జవాబు కోసం తొడిమలు ఎవరికి అమ్మారో ఆ బిల్లు అడగాలి. ప్రయోగశాల ముందు ఇదే చాలాసార్లు నిజం చెబుతుంది.

భౌతిక శాంపిల్ మరో సంగతి. బూజువల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ లాట్ అంతా సమంగా ఉండదు, కొన్ని పాడైన కాయల్లోనే పోగుపడి ఉంటుంది. ఎండుమిర్చిలో, కారంలో బి1 రకానికి ఐరోపా పెట్టిన హద్దు కిలోకు 5 మైక్రోగ్రాములే. ఇంత సన్నని హద్దు దగ్గర పై బస్తా నుంచి పిడికెడు తీసి పంపితే ఫలితం అదృష్టం మీద ఆధారపడుతుంది. కాబట్టి ఎన్నో బస్తాల నుంచి, పైనా మధ్యా అడుగునా కొంచెం కొంచెం తీసి, అంతా కలిపి, మెత్తగా ఆడి, ఆ తర్వాతే భాగాలు చేయాలి. ఎన్ని చోట్ల తీస్తారో, మొత్తం ఎన్ని కిలోలు కావాలో, ఆ సరుకు ఖరీదు ఎవరిదో ఉత్తరంలోనే తేల్చుకోవాలి. చివరిది చిన్న విషయంలా ఉంటుంది గానీ, పది కిలోల కారం తీసుకెళ్తామంటే అక్కడికక్కడ మాట పెరుగుతుంది.

భాగాలు మూడు: ఒకటి ప్రయోగశాలకు, ఒకటి మిల్లుకు, ఒకటి వివాదం వస్తే తెరవడానికి. మూడింటి మీదా ఇద్దరి సంతకాలు, సీలు ఉండాలి. మూడోది ఎవరి దగ్గర, ఎంత కాలం, ఎలాంటి చోట ఉంచాలో, దాన్ని ఏ ప్రయోగశాల పరీక్షించాలో ముందే ఒప్పుకోకపోతే, ఫలితం వచ్చిన రోజున ఆ సీలు కవరు ఎవరికీ పనికిరాదు.