చేతిలోని ఒకటే ఆధారం

లండన్ నుంచి అప్పట్లో వెలువడిన స్ట్రాండ్ పత్రికలో పజిళ్ల శీర్షిక నడిపిన హెన్రీ డ్యూడెనీ 1924 జులైలో పాఠకులకు ఒక కూడిక ఇచ్చాడు. అందులో ఒక్క అంకె కూడా లేదు.

```
    S E N D
  + M O R E
  ---------
  M O N E Y
```

మరికొంత డబ్బు పంపమని ఇంటికి రాసినట్టున్న ఈ మూడు మాటలు లెక్కగానూ సరిపోవాలి. ఒక్కో అక్షరం వెనక ఒక్కో అంకె దాగి ఉంది. ఒకే అక్షరం ఎక్కడ కనిపించినా అదే అంకె, వేరు అక్షరాలకు వేరు అంకెలు. ఏ సంఖ్యా సున్నాతో మొదలు కాకూడదు. ఇక్కడ ఎనిమిది అక్షరాలున్నాయి. వాటికి పది అంకెల్లోంచి పంచే విధానాలు 18,14,400. ఒక్కొక్కటీ వేసి చూస్తూ కూర్చుంటే తెమిలే పని కాదు. కానీ నిలువు వరసలను సరైన క్రమంలో చదివితే ఒక చిన్న కాగితం చాలు.

బడిలో నేర్చుకున్న అలవాటు కొద్దీ చెయ్యి ఒకట్ల స్థానం మీదికి పోతుంది. ఎక్కువమంది చిక్కుకునేది అక్కడే. D, E, Y మూడూ తెలియనివే కాబట్టి ఆ వరస మొదట్లో ఏమీ చెప్పదు. చూడాల్సింది ఎడమ చివర. రెండు నాలుగంకెల సంఖ్యలను కలిపితే అయిదంకెల మొత్తం వచ్చింది. రెండు అంకెల్ని కలిపినప్పుడు చేతిలో మిగిలేది ఎప్పుడైనా ఒకటే, రెండు కాదు. కనుక M = 1. ఊహతో పనిలేకుండా మొదటి అక్షరం దొరికింది.

ఇప్పుడు వేల స్థానం. S కి 1 కలిపితే, వందల నుంచి ఒకటి వస్తే దాన్నీ చేర్చితే, పదో పదకొండో రావాలి. అంటే O సున్నా గాని ఒకటి గాని అవుతుంది. ఒకటి M కి పోయింది కాబట్టి O = 0. ఇక S విషయం. వందల నుంచి ఒకటి వచ్చి ఉంటే S ఎనిమిది, రాకపోతే తొమ్మిది. ఈ సందేహాన్ని తీర్చకుండా ముందుకు పోతే తర్వాతి పనంతా వృథా అయ్యే ప్రమాదముంది. వందల స్థానంలో E కి కలిసేది సున్నానే. దాన్నుంచి ఒకటి చేతికి రావాలంటే E తొమ్మిదై, పదుల నుంచి కూడా ఒకటి రావాలి. అప్పుడు N సున్నా అవుతుంది. సున్నా O దగ్గరుంది కదా! కాబట్టి వందల నుంచి ఏమీ రాలేదు, S = 9.

ఈ పజిల్‌లో నాకు అన్నిటికన్నా నచ్చే మెట్టు దీని తర్వాతిది. వందల స్థానంలో E కి సున్నా కలిపితే N వచ్చింది. సున్నా కలిపితే అంకె మారకూడదు, అయినా మారింది. అలా మార్చగలిగేది పదుల నుంచి వచ్చిన ఒకటే. కనుక N, E కన్నా ఒకటి ఎక్కువ. పదుల స్థానంలో N కి R కలిపితే, ఒకట్ల నుంచి వచ్చేది ఉంటే దాన్నీ చేర్చితే, E కన్నా పది ఎక్కువ రావాలి. N లోనే E కన్నా ఒకటి ఎక్కువ ఉంది కాబట్టి, మిగతా తొమ్మిదీ R, ఒకట్ల నుంచి వచ్చేది కలిసి ఇవ్వాలి. తొమ్మిది S తీసేసుకుంది. అందువల్ల R = 8, ఒకట్ల నుంచి ఒకటి వచ్చి తీరాలి.

మొదట్లో మూగగా ఉన్న ఒకట్ల స్థానం ఇప్పుడు మాట్లాడుతుంది. మిగిలిన అంకెలు 2 నుంచి 7 వరకు. D, E కలిస్తే పది దాటాలి, Y కనీసం రెండు కాబట్టి మొత్తం కనీసం పన్నెండు. అలా వచ్చే జంటలు 5, 7 గాని, 6, 7 గాని. E ఏడైతే N ఎనిమిది కావాలి, అది R ది. E ఆరైతే N ఏడవుతుంది, D కి కావలసిందీ ఏడే. కనుక E = 5, N = 6, D = 7, Y = 2.

```
    9567
  + 1085
  ------
   10652
```

పూర్తయ్యాక రెండు పరీక్షలు చేయాలి. అంకెలు వేసి కూడిక మళ్లీ చేసి చూడాలి, ఏ అంకె రెండు అక్షరాలకు పడలేదని సరిచూడాలి. చాలాసార్లు మొదటిది నెగ్గి రెండోది ఓడిపోతుంది.

సున్నాతో మొదలు కాకూడదన్న నియమం అలంకారానికి పెట్టింది కాదు. దాన్ని తీసేసి M ని సున్నా కానిస్తే, 2817 కి 0368 కలిపితే 03185 కూడా జవాబు కిందే లెక్క. అందులోనూ ఎనిమిది అక్షరాలకు ఎనిమిది వేర్వేరు అంకెలున్నాయి. అప్పుడు ఎడమ చివరి నుంచి దొరికే ఆ మొదటి ఆధారమే పోతుంది, జవాబు ఒకటే అన్న హామీ కూడా పోతుంది. ఇలాంటి పజిల్ సొంతంగా కట్టేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ శ్రమపడేది ఈ రెండో దాని కోసమే. మాటలు అందంగా కుదిరి, లెక్క కూడా కుదిరాక, రెండో జవాబు ఎక్కడా లేదని ప్రతి వరసలోనూ వెతికి చూసుకోవాలి. మాటలన్నిటిలో కలిపి పదికి మించి వేర్వేరు అక్షరాలుంటే ఆ వెతుకులాట కూడా అక్కర్లేదు, అంకెలే చాలవు.