వక్తను పిలిచే ముందు చాకీ తేదీలు అడగండి

పోయినసారి మా సదస్సుకు వచ్చింది 12 మందే. నాలుగో జ్వరం లేచిన పురుగుకు వారం రోజులు ఎడతెగని మేత. షెడ్డు విడిచి ఎవరొస్తారు?

అందుకే ఈసారి శిడ్లఘట్ట సభకు ముందుగా రైతుల చాకీ తేదీలు అడిగినాము. ఎక్కువ మందికి గూళ్లు మార్కెట్టుకు పోయి షెడ్డు ఖాళీగా ఉండే 2 తేదీలు చూసి, నెలన్నర ముందే శాస్త్రవేత్తగారికి ఉత్తరం రాసినాము.

అంశం ఒక్కటే: ఊజీ ఈగ. దాని పురుగు చిల్లు పెట్టిన గూడు రీలింగుకు రాదు, షెడ్డులోకి రాకుండా ఆపేదెట్లా? వినేది 150 మంది తెలుగు రైతులు. 40 నిమిషాలు మాట, 20 నిమిషాలు ప్రశ్నలు.

గౌరవ వేతనం 5,000, కారు ఖర్చు వేరే అని తేటగా రాసినాము. సర్కారు ఉద్యోగి కదా, తీసుకోను పైవాళ్ల అనుమతి కావాలా అనీ అడిగినాము. ఆయన రెండో తేదీకి ఒప్పుకున్నారు.