‘నార్మల్’ అని రాసే ముందు రేడియాలజిస్టు ఏమేం చూస్తారు?

గల్ఫ్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు చేసే మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. అందులో ముఖ్యంగా వెతికేది క్షయ. ఎప్పుడో వచ్చి మానిపోయిన క్షయ మచ్చ కనిపించినా ‘అన్‌ఫిట్’ అని తేలుతుందేమోనన్న భయం నిజామాబాద్, జగిత్యాల వైపు ఊళ్లలో చాలామందికి తెలిసిందే. ఏ జబ్బూ లేని ముప్పై ఏళ్ల యువకుడు ఒకరు అలా ఎక్స్‌రే తీయించుకున్నారనుకుందాం. ఫిల్మ్‌తో పాటు చేతికొచ్చే రిపోర్టులో ఉండేది మూడు నాలుగు ముక్కలే. ట్రెకియా సెంట్రల్, లంగ్ ఫీల్డ్స్ క్లియర్, సీపీ యాంగిల్స్ ఫ్రీ, డయాఫ్రమ్ నార్మల్.

ఈ నాలుగు ముక్కలూ ఒక వరుసలో సాగే పరిశీలనకు గుర్తులు. వరుస ఎందుకంటే, ఫిల్మ్‌లో ఒక తేడా కంటపడగానే వెతకడం అక్కడితో ఆపేయడం మనిషి నైజం. ఒకటి దొరికిన తృప్తిలో రెండోది తప్పిపోతుంది. అందుకే ఏమీ లేదనిపించినా, ఏదో ఉందని తెలిసిపోయినా, మొదలుపెట్టిన వరుసను చివరిదాకా నడపాలని వైద్య విద్యార్థులకు నేర్పుతారు.

జబ్బు కోసం వెతికే ముందు ఫిల్మ్ నమ్మదగినదో కాదో తేల్చుకోవాలి. పేరు, తేదీ సరిచూశాక మూలన ఉండే ‘ఆర్’ లేదా ‘ఎల్’ అక్షరం చూస్తారు. ఫిల్మ్‌లో మనిషి మనకు ఎదురుగా నిలబడ్డట్టే లెక్క, అంటే అతని కుడి మన ఎడమ చేతివైపు ఉంటుంది. పుట్టుకతోనే గుండె కుడివైపున ఉన్నవాళ్లు అరుదుగానైనా ఉంటారు కాబట్టి ఆ అక్షరం తప్పు పడితే పెద్ద గందరగోళమే. తర్వాత ఊపిరి. గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టినప్పుడు తీస్తే డయాఫ్రమ్‌కు పైన, వెనకవైపు పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకు వస్తాయి. టెక్నీషియన్ చెప్పినా సరిగ్గా పీల్చకపోతే ఊపిరితిత్తుల అడుగుభాగం కుదించుకుపోయి నెమ్ము చేసినట్టు తెల్లగా కనిపిస్తుంది, గుండె కూడా ఉన్నదానికన్నా పెద్దదిగా అగుపిస్తుంది. మంచం మీదే ముందువైపు నుంచి తీసిన ఫిల్మ్‌లోనూ ఇదే చిక్కు. అలాంటి ఫిల్మ్ చూసి ‘గుండె పెరిగింది’ అని కంగారుపడాల్సిన పనిలేదు.

ఇక శ్వాసనాళం. మెడ నుంచి నిటారుగా దిగే నల్లటి పట్టీ అది. మన యువకుడి ఫిల్మ్‌లో అది నడిమధ్యన దిగి, ఎడమపక్కన మహాధమని వంపు తగిలేచోట కాస్త కుడికి ఒరుగుతుంది. ఆ ఒరుగు మామూలే. కానీ శ్వాసనాళం బాగా పక్కకు జరిగితే, ఏ పక్కకు అన్నదే అసలు ప్రశ్న. ఛాతీలో ఒకవైపు నీరు బాగా చేరితే దాన్ని అవతలి వైపుకు నెడుతుంది. పాత క్షయ మచ్చ అయితే ముడుచుకుపోతూ తనవైపుకు లాక్కుంటుంది. అయితే ఫిల్మ్ తీసేటప్పుడు మనిషి కాస్త పక్కకు తిరిగినా శ్వాసనాళం జరిగినట్టే కనిపిస్తుంది. అందుకని ముందుగా రెండు కాలర్‌బోన్‌ల లోపలి చివరలు వెన్నుపూస ముల్లుకు సమాన దూరంలో ఉన్నాయో లేదో చూస్తారు.

ఊపిరితిత్తుల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. గాలి నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపులో కొమ్మల్లా విస్తరించే తెల్లటి గీతలు రక్తనాళాలు. ఫిల్మ్‌ను వెలుగుకు పట్టుకుని చూసే ఇంట్లోవాళ్లను ఎక్కువగా భయపెట్టేవి ఈ గీతలే! చదివే పద్ధతి ఏమిటంటే, కుడి ఊపిరితిత్తి మొత్తం చూసి తర్వాత ఎడమకు వెళ్లరు. పై, మధ్య, కింది భాగాలుగా అనుకుని, ప్రతి భాగంలో కుడిఎడమలను పోల్చుకుంటూ దిగుతారు. ఒకవైపు లేని తెలుపు రెండోవైపు ఉంటే అక్కడ ఆగుతారు.

తప్పిపోయేవి ఎక్కువగా దాక్కునే చోట్లలోనే. ఒకటి కాలర్‌బోన్ వెనక ఉండే శిఖర భాగం, పెద్దవాళ్లలో క్షయ తరచుగా పట్టేది అక్కడే. రెండోది గుండె వెనక. ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో చాలావరకు గుండె నీడలో ఉండిపోతుంది. అక్కడ నెమ్ము ఉంటే ఎలా తెలుస్తుంది? దీనికో సూత్రం ఉంది. ఎక్స్‌రేలో అంచు కనిపించాలంటే పక్కపక్కన రెండు వేర్వేరు సాంద్రతలు ఉండాలి. ఊపిరితిత్తిలోని గాలి పక్కన ఉంది కాబట్టే గుండె అంచు, డయాఫ్రమ్ గీత స్పష్టంగా కనిపిస్తాయి. ఆ గాలి స్థానంలో చీమో నీరో చేరితే రెండూ ఒకే తెలుపైపోయి అంచు చెరిగిపోతుంది. మన యువకుడి ఫిల్మ్‌లో గుండె నీడగుండా చూసినా ఎడమ డయాఫ్రమ్ గీత కొనసాగుతూ కనిపిస్తుంది. అది మాయమైతే ఎడమ కింది భాగంలో జబ్బును అనుమానించాలి. గుండె కుడి అంచు చెరిగితే కుడి మధ్య భాగంలో. చెరిగిన గీత జబ్బు ఉన్న చోటునే చెప్పేస్తుంది.

ప్లూరా సంగతి వేరు. ఊపిరితిత్తిని చుట్టి ఉండే ఈ పలుచని పొర, కుడివైపు అడ్డంగా సన్నటి గీతగా కనిపించే చోట తప్ప, మామూలుగా అసలు కనిపించదు. కనిపిస్తే ఆలోచించాలి. రక్తనాళాల గీతలు ఛాతీ గోడ దగ్గరిదాకా వెళ్తున్నాయా అని అంచు వెంబడి చూస్తారు. మధ్యలో సన్నటి తెల్లగీత ఉండి, దానికి అవతల ఏ గీతా లేకుండా ఉత్త నలుపే ఉంటే పొరల మధ్య గాలి చేరినట్టు. అయితే వీపు చర్మం ముడత పడినా అలాంటి అంచే వస్తుంది. దానికి అవతల కూడా రక్తనాళాలు కనిపిస్తే అది చర్మమే.

నీరు చేరిందో లేదో చెప్పేది సీపీ యాంగిల్, అంటే పక్కటెముకలూ డయాఫ్రమ్ కలిసే మూల. మన యువకుడికి రెండువైపులా ఆ మూల పదునుగా ఉంది. నిలబడి తీసిన ఫిల్మ్‌లో ఆ పదును పోవాలంటే సుమారు 200 మిల్లీలీటర్ల నీరు చేరాలి. అంతకన్నా తక్కువ నీటిని పక్క నుంచి తీసిన ఎక్స్‌రే గానీ అల్ట్రాసౌండ్ గానీ పట్టుకుంటుంది. కాబట్టి ‘సీపీ యాంగిల్స్ ఫ్రీ’ అంటే చుక్క నీరు కూడా లేదని కాదు.

చివరగా డయాఫ్రమ్, ఛాతీనీ పొట్టనూ వేరుచేసే కండర గోపురం. కుడి గోపురం ఎడమదానికన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తుగా ఉండటం సహజం. ఎడమ గోపురం కింద నల్లటి బుడగ కనిపిస్తే అది కడుపులోని గాలి, దానితో పనిలేదు. కుడి గోపురం కింద, కాలేయానికి పైన నెలవంకలా నలుపు కనిపిస్తే మాత్రం క్షణం ఆలస్యం పనికిరాదు. అల్సరో, టైఫాయిడో ముదిరి పేగుకు రంధ్రం పడినప్పుడు గాలి బయటికి వచ్చి అక్కడ చేరుతుంది. ఈమధ్యే పొట్టకు ఆపరేషన్ అయినవాళ్లలో కొద్దిరోజులు ఆ గాలి ఉండిపోవచ్చు, అందుకే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. కడుపునొప్పితో వచ్చిన మనిషికి ఛాతీ ఎక్స్‌రే ఎందుకు రాశారని విసుక్కునేవాళ్లకు జవాబు కూడా ఈ నెలవంకే.

ఇన్ని చూసి రాసిన ‘నార్మల్’కూ హద్దులున్నాయి. ఆస్తమా ఉన్నవాళ్ల ఫిల్మ్ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం, చిన్న కణితి, మొదటి గంటల్లోని నెమ్ము ఇందులో కనిపించకపోవచ్చు. ఫిల్మ్ బాగుందన్నా దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించుకోవాలి. ఈసారి ఎక్స్‌రేకు వెళ్లేటప్పుడు పాత ఫిల్మ్ కూడా పట్టుకెళ్లండి. మచ్చ కొత్తదో పాతదో తేల్చడానికి డాక్టరు మొట్టమొదట అడిగేది దాన్నే.